ఎండుమిర్చి సప్లయర్‌కి పెట్టే ఈ ఫిర్యాదు మెయిల్ ఒకసారి చూస్తారా?

గుంటూరులో మాది చిన్న కారం మిల్లు. తేజ రకం కాయ పంపిన సప్లయర్‌కి ఇది పెట్టబోతున్నాను:

“మార్చి 4న దిగిన 40 టిక్కీల్లో 7 టిక్కీల కాయ మెత్తగా ఉంది. మీటరులో తేమ 14 శాతం చూపింది. ఆర్డరులో రాసుకున్నది గరిష్ఠంగా 11 శాతం. ఆ టిక్కీలు విప్పకుండా విడిగా ఉంచాం. లాట్ నంబర్లు, మీటరు ఫోటోలు జతచేశాం. మార్చి 12లోగా సరుకు మార్చండి, లేదా క్రెడిట్ నోట్ ఇవ్వండి. అప్పటిదాకా ఆ 7 టిక్కీల డబ్బు ఆపుతున్నాం. మిగతా 33 టిక్కీలది గడువుకే చెల్లిస్తాం.”

“కావాలనే నీళ్లు కొట్టి పంపారు” అని కూడా రాయమంటున్నాడు మా తమ్ముడు. అది మేం చూడలేదు, లారీలోనే తడిసిందేమో. రుజువు లేని ఆ ఒక్క మాట పట్టుకుని, మీటరు రీడింగు సంగతి పక్కన పెట్టేస్తారని నా భయం. అందుకే వద్దన్నాను.

నా సందేహాలు రెండు. “విప్పకుండా” అని రాశాను గానీ, తేమ చూడాలంటే బస్తాలోంచి కొంచెం కాయ తీయాలి కదా, దాన్ని ఎలా రాస్తే తప్పు పట్టరు? “డబ్బు ఆపుతున్నాం” అన్నది బెదిరింపులా వినిపిస్తోందా? వచ్చే సీజనుకీ వాళ్ల దగ్గరే కొనాలి, అలాగని మెత్తబడలేను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.