జీతంలో కోత పెట్టించుకుని కంపెనీ షేర్లు కొనడం: 15 శాతం తగ్గింపు నిజంగా చేతికొస్తుందా?

నెలజీతం: అమెరికాలో పనిచేస్తున్నాను. కంపెనీ షేర్లు 15 శాతం తక్కువకి ఇస్తామంటున్నారు. ఆరు నెలల పాటు నెలకి 500 డాలర్లు జీతంలోంచి పట్టుకుంటారట. చేతికొచ్చేది తగ్గుతుందని టెన్షన్. కొంచెం క్రెడిట్ కార్డు బాకీ కూడా ఉంది. చేరడం లాభమేనా?

తూనికరాయి: చేరండి. కానీ ముందు ప్లాన్ కాగితాల్లో ఒక్క విషయం చూడండి. ఆ తగ్గింపు ఏ ధర మీద? కొన్న రోజు ధర మీదేనా, లేక ఆరు నెలల్లో మొదటి రోజు, చివరి రోజు ధరల్లో ఏది తక్కువైతే దాని మీదా? రెండోదైతే లుక్‌బ్యాక్ ఉన్నట్టు. అసలు విలువంతా అందులోనే ఉంది.

మీ లెక్కే వేద్దాం. ఆరు నెలలకి 3000 పోగవుతుంది. మొదటి రోజు షేరు 40 డాలర్లు, చివరి రోజుకి 32కి పడిందనుకోండి. 32లో 15 శాతం తీసేస్తే 27.20. ఆ ధరకి 110 షేర్లు వస్తాయి, ఖర్చు 2992. అదే రోజు 32 చొప్పున అమ్మేస్తే 3520. షేరు అయిదో వంతు పడిపోయినా మీకు 528 మిగిలింది. పెట్టిన డబ్బుతో పోలిస్తే ఇది 17.6 శాతం, ఎందుకంటే 100 విలువైనది 85కి కొంటున్నారు.

ఇప్పుడు షేరు 40 నుంచి 50కి పెరిగిందనుకోండి. లుక్‌బ్యాక్ ఉంటే 34కే 88 షేర్లు వస్తాయి, అమ్మితే 4400. లేకపోతే 42.50కి 70 షేర్లు, అమ్మితే 3500. కోత ఒకటే, గడువు ఒకటే. చేతికొచ్చేదానిలో మాత్రం దాదాపు 900 తేడా.

వెన్నెలబాట: నాకు కంపెనీ చేరినప్పుడే షేర్లు ఇచ్చారు, నాలుగేళ్లలో విడతలుగా నా పేరు మీదికి వస్తాయి. జీతంలోంచి ఒక్క పైసా పోలేదు. మీరు డబ్బు కట్టి ఎందుకు కొంటున్నారు? హెచ్ఆర్‌ని గట్టిగా అడగండి.

తూనికరాయి: వెన్నెలబాట గారూ, అది వేరే పథకం. మీకు వచ్చినవి జీతంలో భాగంగా ఇచ్చిన షేర్లు. ఈయన అడుగుతున్నది సొంత డబ్బుతో కొనే ప్లాన్ గురించి. చాలా కంపెనీల్లో రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

పాతకాపు: నా అనుభవం చెప్తాను, అందరూ లాభమే చూస్తున్నారు కాబట్టి. మూడు విడతలు కొన్నాను, ఒక్కటీ అమ్మలేదు. ఇంకా పెరుగుతుంది కదా అని. ఒక ఫలితాల ప్రకటన తర్వాత షేరు సగానికి పడింది. రెండు నెలలకి మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఉద్యోగం, దాచుకున్న డబ్బు ఒకే కంపెనీలో ఉన్నాయి, రెండూ ఒకేసారి పోయాయి. ఆ రోజు బ్రోకర్ ఖాతా తెరిచి చూసుకున్న అంకె ఇప్పటికీ గుర్తుంది. కోతలకి పోగైన దానికంటే తక్కువ ఉంది. ఆ 15 శాతం నా దగ్గర ఒక్క రోజు మాత్రమే ఉంది, కొన్న రోజు. దాన్ని అక్కడే తీసుకోకపోవడం నా తప్పు.

మామిడితోట: వెంటనే అమ్మితే పన్ను వాచిపోతుంది. ఆ ఆరు నెలల విడత మొదలైన రోజు నుంచి రెండేళ్లు, కొన్న రోజు నుంచి ఏడాది దాటాక అమ్మాలి. అప్పుడు పన్ను తక్కువ. తొందరపడి అమ్మడం అంటే లాభం ప్రభుత్వానికి ఇచ్చేయడమే.

తూనికరాయి: మామిడితోట గారూ, గడువులు మీరు చెప్పినవి నిజమే, అమెరికా పన్ను చట్టంలో సెక్షన్ 423 కింద నడిచే ప్లాన్లకి. కానీ పన్ను ఎప్పుడూ తగ్గుతుందనేది సగమే నిజం. 40 నుంచి 32కి పడిన ఉదాహరణే తీసుకోండి. అదే రోజు అమ్మితే షేరుకి 4.80 జీతంగా లెక్కేస్తారు. ఆ గడువులు దాటేదాకా ఆగి, షేరు అప్పటికీ 32 దగ్గరే ఉంటే? మొదటి రోజు ధరలో 15 శాతం, అంటే 6, లేదా అసలు లాభం 4.80, రెండిట్లో తక్కువది జీతంగా పడుతుంది. అంటే మళ్ళీ 4.80. కొన్నాక ఏడాదిన్నర మోసిన రిస్కుకి పన్నులో ఒక్క సెంటు మిగల్లేదు.

50కి పెరిగినప్పుడు మాత్రం మీ మాట నిలుస్తుంది. అదే రోజు అమ్మితే షేరుకి 16 మొత్తం జీతమే. ఆగి, షేరు 50లోనే ఉన్నప్పుడు అమ్మితే 6 జీతం, మిగతా 10 దీర్ఘకాలిక లాభం కింద తక్కువ రేటు. కానీ ఆ మిగులు కోసం ఏడాదిన్నర పాటు ఒకే కంపెనీ మీద పందెం కాయాలి. పాతకాపు గారికి జరిగింది అదే.

మామిడితోట: పెరిగే కంపెనీ అని నమ్మకం ఉన్నవాళ్లకి ఆగడమే మేలని నేను ఇప్పటికీ అంటాను. ప్రతిసారీ పడుతుందని ఏముంది?

గోరువంక: ఎవరూ చెప్పని ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను. అదే రోజు అమ్మాను. లాభం 528 లాంటిదే, అది కంపెనీ ఇచ్చే జీతం పత్రం డబ్ల్యూ-2లో జీతంగా వచ్చేసింది. తర్వాత బ్రోకర్ పంపిన అమ్మకాల పత్రం 1099-బి చూసి అందులో ఉన్న కొనుగోలు ధరే రిటర్న్‌లో వేసేశాను. బ్రోకర్ అక్కడ తగ్గింపు ధరే చూపిస్తాడు, మీ ఉదాహరణలో 2992. దాంతో 528 రెండోసారి లాభంగా పడి మళ్ళీ పన్ను కట్టాను. అసలు ఖరీదు 3520 అని ఫారం 8949లో సవరించాలట. అదే రోజు అమ్మినా రిటర్న్‌లో పెద్ద స్వల్పకాలిక లాభం కనిపిస్తుంటే, తప్పు జరిగినట్టే. మరుసటి ఏడాది సవరించిన రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకున్నాను.

నెలజీతం: కార్డు బాకీ సంగతి ఎవరైనా చెప్పండి. కోత భరించడమే నా భయం.

వెన్నెలబాట: బాకీ ఉంటే ముందు అది తీర్చండి, ఇందులో ఆలోచించేదేముంది?

తూనికరాయి: లెక్క వేస్తే అంత సులువుగా తేలదు. మొదటి నెల కోత చాలా నెలలు ఆగుతుంది, చివరి నెలది కొన్ని రోజులే. సగటున మూడు నెలలు మీ డబ్బు ఇరుక్కుంటుంది. నెలకి 2 శాతం వడ్డీ కార్డు అయితే మూడు నెలలకి 6 శాతం. ఇటు 17.6లో పన్ను పోయినా 12 దాకా మిగలొచ్చు. కాబట్టి కనీస చెల్లింపు ఆగకుండా నడుస్తుంటే ప్లాన్ ముందుంటుంది. కానీ కోత వల్ల అద్దె కూడా కార్డు మీదికి ఎక్కుతుంటే, ఒక్క చెల్లింపు తప్పినా జరిమానా పడి లెక్క తలకిందులవుతుంది. అలాంటప్పుడు 500 బదులు 150తో మొదలుపెట్టండి.

కష్టం మొదటి ఆరు నెలలే. మొదటి విడత అమ్మగానే 3500 దాకా చేతికి వస్తుంది. రెండో విడతలో తగ్గే జీతాన్ని దాంతో భర్తీ చేసుకోవచ్చు. మధ్యలో అత్యవసరం వస్తే చాలా ప్లాన్లలో బయటికి రావచ్చు, కట్టింది తిరిగిస్తారు, వడ్డీ మాత్రం సాధారణంగా ఉండదు.

పాతకాపు: ఒకటి మర్చిపోతున్నారు. అదే రోజు అమ్మనిస్తారా? మా దగ్గర షేర్లు ఖాతాలో కనిపించడానికే కొన్ని రోజులు పట్టేది. కొన్ని ప్లాన్లలో ఏడాది ఉంచుకోవాలన్న షరతు ఉంటుంది. కొన్ని ఉద్యోగాల్లో ఫలితాలకి ముందు అమ్మకాలు నిషేధం. ఆ మధ్యలో షేరు 15 శాతం పడితే తగ్గింపు మొత్తం హరీ.

తూనికరాయి: నిజం. వారం ఆలస్యమైతే నేను చేరతాను. ఏడాది ఉంచుకోవాలంటే నేను కూడా ఆలోచిస్తాను.

నెలజీతం: ఇప్పుడే ప్లాన్ కాగితం చూశాను. లుక్‌బ్యాక్ ఉంది. ఉంచుకునే షరతు లేదు. కానీ నేను అకౌంట్స్ విభాగంలో ఉన్నాను కాబట్టి ఫలితాలు వచ్చేదాకా అమ్మకం కుదరదట. కొనే రోజుకీ, అమ్మకం తెరుచుకునే రోజుకీ అయిదు వారాల తేడా వస్తోంది.

మామిడితోట: అయిదు వారాలు ఏమంత? చేరండి.

పాతకాపు: అయిదు వారాల్లో మా షేరు ఎంత పడిందో చూసినవాణ్ని. మీ కంపెనీ షేరు గత కొన్నేళ్లలో ఫలితాల రోజున ఎంత ఊగిందో తీసి చూడండి, ఆ తర్వాతే కోత ఎంతో ఎంచుకోండి.