విజిటింగ్ కార్డు తెలుగు వైపు ‘డిప్యూటీ జనరల్ మేనేజర్’ అని రాయాలా, తెలుగు చెయ్యాలా?

కొత్తకార్డు:
మాది వరంగల్‌లో పురుగుమందులు అమ్మే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 14 మందికి విజిటింగ్ కార్డులు వేయిస్తున్నాం, ఒక వైపు ఇంగ్లిష్, రెండో వైపు తెలుగు. కంపెనీ పేరు, హోదాలు తెలుగులోకి అనువదించాలా, ఇంగ్లిష్ మాటలనే తెలుగు అక్షరాల్లో రాయాలా? వ్యవసాయ శాఖకు రాసే ఉత్తరాల్లోనూ అదే వాడతాం. మా ఎండీ గారు అచ్చ తెలుగే కావాలంటున్నారు.

పాతఫైలు:
కంపెనీ పేరు మాత్రం ముట్టుకోకండి. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌లో ఏముందో అదే పేరు. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ చూడండి. ఆఫీసు బయట బోర్డు మీద పేరు రాసినప్పుడు అది స్థానిక భాష అక్షరాల్లో లేకపోతే, ఆ అక్షరాల్లో కూడా రాయాలంటుంది. అక్షరాల్లో అంది, అర్థంలో అనలేదు. లెటర్‌హెడ్ మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, కంపెనీ గుర్తింపు సంఖ్య అయిన సీఐఎన్ ఉండాలన్నదీ ఆ సెక్షనే. తప్పితే రోజుకు 1,000 రూపాయల చొప్పున, లక్ష వరకు జరిమానా.

నేను పనిచేసిన ఆఫీసుకే ఒక ఉత్తరం వచ్చింది. పేరు మార్చి చెబుతున్నాను. లైసెన్సు ‘సన్‌రైజ్ క్రాప్ ప్రొటెక్షన్ ప్రైవేట్ లిమిటెడ్’ పేరు మీద ఉంది. కొత్త గోదాము చిరునామా చేర్చమని వాళ్లు రాసిన తెలుగు ఉత్తరంలో ‘సూర్యోదయ పంట రక్షణ సంస్థ’ అని ఉంది. గుమాస్తా ఫైలు తీశాడు, ఆ పేరుతో లైసెన్సు కనిపించలేదు. ‘దరఖాస్తుదారు పేరు, లైసెన్సుదారు పేరు వేరు. పేరు మార్పు పత్రం జతచేయవలెను’ అని రాసి వెనక్కి పంపాడు. పేరు మారనే లేదు, పత్రం ఎక్కణ్ణుంచి తెస్తారు? మూడు వారాలు తిరిగారు.

అచ్చతెనుగు:
గుమాస్తా తెలివి తక్కువైతే తెలుగుది తప్పా? పేరు సంగతి వదిలేద్దాం. హోదాల మాటేమిటి? బ్యాంకు వాళ్ల హిందీ కార్డుల మీద ‘ఉప మహాప్రబంధక్’ అని దర్జాగా ఉంటుంది. మనకే సిగ్గు. ముఖ్యమంత్రి, శాసనసభ్యుడు, కార్యదర్శి అనేవి మొదటిసారి రాసిన రోజున కొత్త మాటలు కావా? వాడితే అలవాటవుతాయి.

ప్రెస్సు_శ్రీను:
ఏది రాసినా ప్రూఫ్ తెప్పించుకోండి అన్నా. వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపిన మ్యాటర్ మా అను ఫాంట్లలోకి సరిగా రాదు, వత్తులు విరిగిపోతాయి. 14 పేర్లు మళ్లీ టైపు చేస్తాం కాబట్టి తప్పులు పడేది అక్కడే.

పాతఫైలు:
అచ్చతెనుగు గారూ, మీ పద్ధతిలో ‘జనరల్’కి తెలుగు చెప్పండి. జనరల్ సెక్రటరీ అంటే ప్రధాన కార్యదర్శి. జనరల్ బాడీ మీటింగ్ అంటే సర్వసభ్య సమావేశం. జనరల్ ఎలక్షన్స్ అంటే సార్వత్రిక ఎన్నికలు. మరి జనరల్ మేనేజర్? ఒక కార్డు మీద ‘సాధారణ నిర్వాహకులు’ అని నా కళ్లతో చూశాను. పాపం ఆయన కింద నాలుగు జిల్లాలున్నాయి, కార్డు మాత్రం మామూలు మనిషిని చేసింది.

సచివాలయంలో అయితే ప్రిన్సిపల్ సెక్రటరీ ‘ముఖ్య కార్యదర్శి’, చీఫ్ సెక్రటరీ ‘ప్రధాన కార్యదర్శి’. చీఫ్ మినిస్టర్ దగ్గర చీఫ్ అంటే ముఖ్య, చీఫ్ సెక్రటరీ దగ్గర ప్రధాన. తెలియనివాడు సొంతంగా అనువదిస్తే ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరికి చేరుతుంది.

అచ్చతెనుగు:
మీరే నాకు సాక్ష్యం చెబుతున్నారు. అంత చిక్కున్నా సచివాలయం ఆ మాటలతోనే నడుస్తోంది కదా.

పాతఫైలు:
నడుస్తోంది, ఎందుకంటే అది ప్రభుత్వం ఖాయం చేసిన మాట, అందరూ అదే రాస్తారు. 14 మంది ఉన్న కంపెనీ ఖాయం చేస్తే ఎవరు గుర్తుపడతారు? ప్రభుత్వ అధికారికి రాసేటప్పుడు మాత్రం ఆ ఆఫీసు బోర్డు మీద తెలుగులో ఏముందో చూసి అలాగే రాయాలి. అక్కడ మన కవిత్వం పనికిరాదు.

రమ_కాదు_రామ:
ఆధార్‌లో నా పేరు తెలుగులో తప్పు పడింది. ఇంగ్లిష్ స్పెల్లింగు చూసి రమను రామ చేశారు. దీనికి ఎక్కడ అప్లై చెయ్యాలి?

ప్రెస్సు_శ్రీను:
అక్కా, ఇది కార్డు ప్రింటింగు గురించి.

రమ_కాదు_రామ:
అదీ కార్డే కదండీ.

గుడివీధి:
మా బావమరిది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ సీఈఓ. కార్డు తెలుగు వైపు ‘ముఖ్య కార్యనిర్వహణాధికారి’ అని వేయించాడు. ఒక పెళ్లిలో పంచితే రెండు ఫోన్లు వచ్చాయి, దర్శనం టికెట్లు ఇప్పించమని. గుళ్లకు ఉండే ఈఓ కార్యనిర్వహణాధికారే కదా!

అచ్చతెనుగు:
నవ్వండి. తెలుగు రాస్తే జోకు, ఇంగ్లిష్ రాస్తే హోదా. పాతఫైలు గారి లాంటి వాళ్లు ముప్పై ఏళ్లు తెలుగు నోట్లు రాసి పెన్షన్ తీసుకుంటూ, ఇప్పుడు తెలుగు పనికిరాదంటున్నారు.

పాతఫైలు:
పెన్షన్ దాకా వచ్చారు కాబట్టి చెబుతాను. నేను సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. మా అమ్మాయి పెళ్లి సంబంధం అప్పుడు బయోడేటాలో మా తమ్ముడు ‘పర్యవేక్షకులు’ అని తెలుగులో రాశాడు. సూపర్‌వైజర్‌నీ పర్యవేక్షకుడే అంటారు. అవతలి వాళ్లు ‘ఏ సైట్‌లో అండీ?’ అని అడిగారు. సూపర్‌వైజర్ పని తక్కువదని కాదు. 31 ఏళ్ల సర్వీసులో మెట్టు మెట్టు ఎక్కి సంపాదించిన మాట అది. దాన్ని మార్చే హక్కు ఎవరికుంది?

అచ్చతెనుగు:
ఇదన్నమాట సంగతి. మీకు కార్డు ఇచ్చేవాడి పరువు ముఖ్యం. నాకు తీసుకునేవాడు ముఖ్యం. మా అమ్మ దగ్గరికి ఒకడు వచ్చి తెలుగు కార్డు ఇచ్చాడు. ‘సీనియర్ ఎగ్జిక్యూటివ్, రికవరీస్’, అన్నీ తెలుగు అక్షరాలే. అమ్మ కూడబలుక్కుని మొత్తం చదివింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్ద ఆఫీసరనుకుని కుర్చీ వేసి, టీ ఇచ్చి, చూపించిన చోట సంతకం పెట్టింది. వాడు బాకీ వసూలు చేసేవాడని సాయంత్రం నేను చెబితే తెలిసింది. అక్షరాలు తెలుగైతే చాలా?

పాతఫైలు:
అమ్మగారికి అలా జరగాల్సింది కాదు. కానీ అనువదిస్తే ‘వసూళ్ల ఉన్నత కార్యనిర్వాహకులు’ అయ్యేవాడు. అప్పుడు ఆవిడ టీతో పాటు టిఫిన్ కూడా పెట్టేవారు.

అచ్చతెనుగు:
... అది నిజమే. ‘బాకీ వసూలు’ అని రాస్తే సరిపోయేది.

పాతఫైలు:
అది అనువాదం కాదు. పని ఏమిటో చెప్పడం.

అచ్చతెనుగు:
అదే అనువాదం అంటాను నేను.

కొత్తకార్డు:
ఇద్దరికీ థాంక్స్. ఒక కార్డు ఇలా రాసి చూశాను. పైన కంపెనీ పేరు సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, ప్రైవేట్ లిమిటెడ్‌తో సహా తెలుగు అక్షరాల్లో. పేరు కింద ‘డిప్యూటీ జనరల్ మేనేజర్’. దాని కింద చిన్న అక్షరాల్లో ‘పురుగుమందుల అమ్మకాలు, వరంగల్, హనుమకొండ జిల్లాలు’. ఎండీ గారు చూశారు. మూడో లైను బాగుందట, రెండో లైను కొట్టేసి ‘ఉప మహాప్రబంధకులు’ అని పెన్నుతో రాసిచ్చారు.

ప్రెస్సు_శ్రీను:
ప్లేటు వెయ్యకముందే తేల్చండి అన్నా. తర్వాత మార్చితే మళ్లీ డబ్బులు.

పాతఫైలు:
డీజీఎం గారిని అడిగారా, ఆయనకు ఏది కావాలో?

కొత్తకార్డు:
అడిగాను సార్. ఇంగ్లిష్ వైపు తన పేరు ముందు ఎంబీఏ పడిందా లేదా అని అడిగారు.