‘సీడీ 2 శాతం 10 రోజులు, నెట్ 30’: తెలుగులో బిల్లు మీద ఎలా రాయాలి?

వన్‌టౌన్ గుమస్తా, విజయవాడ: బట్టల హోల్‌సేల్ బిల్లు అడుగున ఈ సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్ మాట తెలుగులో వేయాలి. ‘పది రోజుల్లో కడితే నూటికి రెండు తగ్గింపు, లేదా ముప్పై రోజుల్లో పూర్తి సొమ్ము’ అంటే సరిపోతుందా? అసలు ఈ తగ్గింపు మాకు గిట్టుతుందా?

పట్నం బజార్, గుంటూరు: గిట్టుతుందండీ. బయట అప్పు తెస్తే నూటికి నెలకు రూపాయిన్నర. మీరిచ్చేది రెండు. అర్ధరూపాయే కదా తేడా!

లెక్కల మాస్టారు: ఆ రెండు నెలకు కాదు బాబూ, 20 రోజులకే. లక్ష బిల్లుకు 98,000 పదో రోజున వస్తుంది. ఆగితే ముప్పయ్యో రోజున లక్ష. అంటే 98,000 ఇరవై రోజులు ముందు రావడానికి 2,000 వదులుకుంటున్నారు. నెలకు కడితే నూటికి మూడు రూపాయల పైమాటే. రూపాయిన్నరకు అప్పు దొరికేవాళ్లకు ఇది నష్టం.

కానీ పార్టీలు నిజంగా ముప్పయ్యో రోజునే కడుతున్నారా? ఖాతా పుస్తకంలో పార్టీవారీగా, బిల్లు తేదీకి డబ్బు పడిన తేదీకి మధ్య ఎన్ని రోజులో తీయండి. అరవయ్యో రోజున కట్టేవాడు పదో రోజుకే ఇస్తే 50 రోజులు కలిసొస్తాయి, ఖర్చు నెలకు నూటికి రూపాయీ పావలాకు దిగుతుంది. రూపాయిన్నర వడ్డీ మీద 50వ రోజు దాటాక కట్టేవాళ్లకు ఇస్తేనే లాభం. చిక్కేమిటంటే, ఎప్పుడూ పన్నెండో రోజుకు కట్టే మంచి పార్టీలే ముందుగా సీడీ కోసుకుంటారు. వాళ్ల దగ్గర మీకు కలిసొచ్చేది రెండు రోజులే.

కిరాణా, తెనాలి రోడ్డు: నేను కొనేవాణ్ణి. ఈ సీడీ కోసం రూపాయిన్నరకు అప్పు తెచ్చి కట్టొచ్చా?

లెక్కల మాస్టారు: వారిది అమ్మేవారి ప్రశ్న, మీది అవతలి ఒడ్డు. మీకు లాభమే. 98,000కు 20 రోజుల వడ్డీ 980, తగ్గింపు 2,000. అయితే నెల నిండా వడ్డీ పట్టేవాడి దగ్గర తెస్తే 1,470 పోతుంది, మిగిలేది 530.

వన్‌టౌన్ గుమస్తా: మరి మాట సంగతి?

లెక్కల మాస్టారు: ‘కడితే’ అన్నచోటే తగాదా. పదో రోజున చెక్కు చేతికిచ్చి కట్టానంటాడు, అది పాసయ్యేది ఆ తర్వాత. ‘పది రోజులు’ కూడా, పార్టీ సరుకు దిగిన రోజు నుంచి లెక్కేస్తాడు. ‘బిల్లు తేదీ నుంచి 10వ రోజులోగా మా ఖాతాలో జమ అయితే నూటికి రెండు తగ్గింపు’ అని రాయండి. పదిహేనో రోజున రెండు శాతం కోసి పంపితే ఆ కోత బాకీగానే ఖాతాలో ఉంచండి. ఒకసారి వదిలేస్తే అదే వాడుక అవుతుంది.

పట్నం బజార్: నూటికి రెండు దేని మీద? జీఎస్టీ కలిపిన మొత్తం మీదా, సరుకు విలువ మీదా? మా వైపు మొత్తం మీదే కోస్తారు.

లెక్కల మాస్టారు: సరుకు విలువ మీదే అని రాయడం నా పద్ధతి. లక్ష సరుకుకు 5 శాతం పన్నుంటే మొత్తం 1,05,000, దాని మీద కోస్తే 2,100 పోతుంది. అందులో 100 పన్ను వాటా. దాన్ని పన్నులో తగ్గించుకోకపోతే మీరు 5,000 పూర్తిగా కట్టాల్సిందే.

పట్నం బజార్: మా పార్టీలు దీనికి ఒప్పుకోరండీ.