క్యాప్షన్‌లో అన్నీ రాశాననుకున్నా, మళ్లీ అవే ప్రశ్నలు. నగల పోస్టు కింద ఏం రాయాలి?

కొత్తకొట్టు:
నమస్కారం అండీ. ఏడు నెలలుగా ఇంటి నుంచే ఇమిటేషన్ నగలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ప్యాకింగ్ కన్నా మెసేజ్‌లకు జవాబులివ్వడానికే ఎక్కువ టైమ్ పోతోంది. మొన్న ఒక్క బుట్టకమ్మల పోస్టుకే 31 మెసేజ్‌లు వచ్చాయి, కొన్నది ఇద్దరే. నా క్యాప్షన్ ఇది:

"కొత్త కలెక్షన్! ప్రీమియం క్వాలిటీ గోల్డ్ బుట్టలు. మంచి స్టోన్స్, లైట్ వెయిట్, ఏ చీర మీదకైనా సూపర్. నీళ్లు తగలనివ్వకండి. ఫాస్ట్ డెలివరీ. స్టాక్ తక్కువ ఉంది, త్వరపడండి."

మెటీరియల్ ఉంది, బరువు ఉంది, జాగ్రత్త ఉంది, డెలివరీ ఉంది. ఇంకేం రాయాలో అర్థం కావడం లేదు. గాజులతో ఇంకో టెన్షన్: సైజు అడిగి మరీ కొన్నవాళ్లు చేతికి పట్టలేదని వెనక్కి పంపుతున్నారు.

వెలుగునీడ:
ఫోటోలు కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీయండి అండీ, తేడా మీకే తెలుస్తుంది. వెనక తెల్ల చార్ట్ పెట్టండి.

కొత్తకొట్టు:
ఫోటోలు బాగానే వస్తున్నాయండీ, నా సందేహం కింద రాసే మాటల గురించి.

పాతకాపు:
ముందు ఒక పని చెయ్యమ్మా. ఆ 31 మెసేజ్‌లూ మళ్లీ చదివి, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద గీతలు పెట్టు. అది చూడకుండా ఏం చెప్పినా గాల్లో చెప్పినట్టే.

కొత్తకొట్టు:
చేశానండీ. బంగారమా పూతా, రంగు పోతుందా అని 9 మంది. ఎంత పొడుగు, ఎంత పెద్దవి అని 8. చెవి లాగుతుందా అని 6. ఎప్పుడొస్తుంది అని 5. మిగతా మూడూ "హాయ్", "ధర", ఒక దండం బొమ్మ.

పాతకాపు:
చూశావా, నువ్వు రాశాననుకున్నవాటి మీదే 20 ప్రశ్నలు, అసలు రాయని సైజు మీద ఇంకో 8. ఎందుకంటే నీ క్యాప్షన్‌లో కొలిచి చూపించగలిగిన మాట ఒక్కటీ లేదు. ప్రీమియం, మంచి, లైట్, ఫాస్ట్... ఇవన్నీ నీ అభిప్రాయాలు. కొనేవాళ్లకు వస్తువు గురించి సమాచారం కావాలి.

"గోల్డ్ బుట్టలు" అన్నావు కాబట్టే "బంగారమా?" అని అడిగారు. వన్ గ్రామ్ గోల్డ్ అని రాసినా అంతే, ఇందులో ఒక గ్రాము బంగారం ఉంటుందా అని అడిగేవాళ్లు నాకు ఇప్పటికీ ఉన్నారు. లోపల ఏ లోహం, పైన ఏ పూత, ఈ రెండూ ఒకే వాక్యంలో చెప్పెయ్. "ఇత్తడి మీద బంగారు పూత." రాళ్లకూ అంతే. గాజు రాయి అయితే గాజు రాయి అను. ఏడీ రాళ్లు అంటే అమెరికన్ డైమండ్ అని విని కొందరు నిజం వజ్రాలే అనుకుంటారు. అవి క్యూబిక్ జిర్కోనియా, ఫ్యాక్టరీలో తయారయ్యే రాళ్లు. "ఏడీ రాళ్లు, వజ్రాలు కావు" అని రాస్తే అమ్మకం పడిపోతుందని భయపడకు. అది చూసి వెళ్లిపోయే మనిషి, పార్సిల్ విప్పాక ఎలాగూ గొడవ పడే మనిషే.

ఇక ఆ బుట్టల్ని తక్కెడలో పెట్టి, స్కేలు పట్టి కొలిచి అంకెలు ఇక్కడ పెట్టు. జత బరువు కాదు, ఒక్కో చెవికి ఎంతో చెప్పాలి.

కొత్తకొట్టు:
వంటింటి డిజిటల్ తక్కెడలో జత 22 గ్రాములు, అంటే ఒక్కోటి 11. పైన కమ్మ నుంచి కింది ముత్యాల దాకా 4.5 సెంటీమీటర్లు. బుట్ట వెడల్పు 2 సెంటీమీటర్లు. ఇన్నాళ్లూ లైట్ వెయిట్ అని రాస్తున్నా కానీ తూచడం ఇదే మొదలు!

ఒకసారికొన్నా:
నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. "యాంటీ అలర్జీ" అని రాసిన జుంకాలు తెప్పించుకున్నాను. రెండో రోజుకే చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారింది. అడిగితే "అందరికీ బాగానే ఉందండీ, మీ చర్మం అలాంటిది" అన్నారు. నా చర్మం అలాంటిదనే కదా ఆ మాట చూసి కొన్నది. దయచేసి మీరు మాత్రం ఆ మాట రాయకండి.

పాతకాపు:
మంచి మాట చెప్పారు. చెవి దగ్గర ఇలాంటి బాధకు చాలాసార్లు నికెల్ కారణం. చౌక లోహ మిశ్రమాల్లో అది ఉండొచ్చు, పూత కింద పొరగా వేసినా ఉండొచ్చు. కంటితో చూసి చెప్పలేం. సరుకు ఇచ్చేవాళ్లు నికెల్ లేదని పరీక్ష కాగితంతో సహా ఇస్తేనే "నికెల్ లేదు" అని రాయాలి. లేకపోతే "నికెల్ పరీక్ష చేయించలేదు, లోహం పడని చర్మమైతే తీసుకోకండి" అనాలి. ఈ మాట రాసినప్పటి నుంచి నాకు చెవుల గురించి వచ్చే ఫిర్యాదులు తగ్గాయి.

ఇంకోటి, చెవిలోకి దూరే కాడ ఎంత లావో కూడా కొలువు. పాతకాలం డిజైన్లకు మర కాడ లావుగా ఉంటుంది, సన్న రంధ్రం ఉన్నవాళ్లకు దూరదు. ఫోటోలో అది కనిపించదు, అందుకని ఎవరూ ముందు అడగరు. వచ్చాకే తెలుస్తుంది.

గాజులపెట్టె:
గాజుల సంగతి నేను చెప్తాను. అందరికీ 2.4, 2.6, 2.8 అర్థం కావు, అందుకే మిల్లీమీటర్లలో కూడా రాయాలి. 2.6 అంటే 2.6 అంగుళాలు, అంగుళానికి 25.4 చొప్పున 66 మిల్లీమీటర్లు. నా పోస్టులన్నిటిలో ఇలాగే పెడతాను.

కొలతబద్ద:
మిల్లీమీటర్లు రాయాలన్నది వంద శాతం కరెక్టు, లెక్క మాత్రం తప్పండీ. గాజు సైజులో ఆ చుక్క దశాంశం కాదు. చుక్క తర్వాత అంకె అంగుళంలో పదహారో వంతులు. 2.6 అంటే రెండు అంగుళాల మీద ఆరు పదహారో వంతులు, అంటే 2.375 అంగుళాలు, దాదాపు 60.3 మిల్లీమీటర్లు. 2.4 అయితే 57.2, 2.8 అయితే 63.5, 2.10 అయితే 66.7. అందుకే 2.8 తర్వాత 2.10 వస్తుంది. దశాంశమే అయితే 2.10 అన్నిటికన్నా చిన్నది కావాలి కదా!

మీరు 66 అని రాశారు. ఇంట్లో గాజు కొలుచుకుని 66 వచ్చినామె "నాది 2.6" అనుకుని మీ దగ్గర కొంటుంది. ఆమెది నిజానికి 2.10 దగ్గరి సైజు. మీరు పంపేది 60. చేతికి ఎలా ఎక్కుతుంది?

గాజులపెట్టె:
అయ్యో. ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను, నా 2.6 పెట్టెలోవి 60 దగ్గరే ఉన్నాయి. రిటర్న్‌లకు నేను కొరియర్ వాళ్లను తిట్టుకుంటున్నాను.

కొత్తకొట్టు:
నేనైతే మణికట్టు చుట్టుకొలత పంపమంటున్నాను. అది తప్పా అండీ?

కొలతబద్ద:
తెరుచుకునే కడియానికైతే అది చాలు. తెరుచుకోని గాజు మణికట్టు దాకా వెళ్లాలంటే ముందు చేతి వేళ్ల ఎముకలు దాటాలి. బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, గాజు తొడుక్కునేటప్పుడు చేతిని ఎలా ముడుస్తామో అలా ముడిచి, ఎక్కువ వెడల్పున్న చోట దారం చుట్టమనండి. ఆ దారం పొడవును 3.14తో భాగిస్తే గాజు లోపలి వ్యాసం వస్తుంది. దారం 19 సెంటీమీటర్లు వస్తే 60.5 మిల్లీమీటర్లు, అంటే 2.6. అంతకన్నా నమ్మకమైన దారి, వాళ్లకు సరిపోయే పాత గాజును స్కేలు మీద పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవమనడం. బయటి అంచు నుంచి కొలిస్తే గాజు మందం కూడా కలిసిపోతుంది, సైజు పెద్దదొస్తుంది.

వెడల్పాటి గాజులకు ఒక సైజు పెద్దది తీసుకోవాలా అన్నది నాకూ తేలలేదు. కొందరికి అవసరమైంది, కొందరికి వదులైపోయింది.

పాతకాపు:
జాగ్రత్తల గురించి ఒక మాట. "నీళ్లు తగలనివ్వకండి" అంటే చేతులు కడుక్కుంటే ఏమవుతుంది అని అడుగుతారు. ఏ పనికి ముందు తీయాలో చెప్పు. "స్నానానికి, నిద్రకు ముందు తీసేయండి. సెంటు, క్రీము రాసుకుని ఆరాక పెట్టుకోండి. తీశాక మెత్తటి పొడి గుడ్డతో తుడిచి జిప్ కవర్లో పెట్టండి." అయితే దీన్నే అన్ని పోస్టుల కిందా అతికించకు. నేను అలాగే చేసి నాలుక కరుచుకున్నాను. అసలు ముత్యాలను గాలి చొరని కవర్లో నెలల తరబడి ఉంచకూడదు, వాటికి కాస్త తేమ ఉండాలి, గుడ్డ సంచి నయం. ఆక్సిడైజ్డ్ వెండిని మెరుగు పెట్టే గుడ్డతో రుద్దితే కావాలని వేసిన నలుపంతా పోతుంది. ఒకామె అలా రుద్దేసి తెల్లబడిన లాకెట్ ఫోటో పంపింది. తప్పు నా క్యాప్షన్‌దే, ఏం అనను?

రంగు ఎన్నాళ్లు ఉంటుందో మాత్రం లెక్క కట్టి రాయకు. పూత మందం, చెమట, వాడకం మనిషి మనిషికీ మారతాయి.

గాజులపెట్టె:
ఆర్నెల్లు గ్యారంటీ అని రాస్తే కొంటారండీ, నా అనుభవం.

పాతకాపు:
కొంటారు, కాదనను. ఏడో నెలలో కూడా నీకే మెసేజ్ పెడతారు.

కొత్తకొట్టు:
డెలివరీ ఎలా రాయాలి? "3 రోజులు" అని రాస్తే మూడో రోజు పొద్దున్నే "ఇంకా రాలేదు" అంటారు.

కొలతబద్ద:
నువ్వు పంపేది ఒక రోజు, వాళ్లకు చేరేది ఇంకో రోజు. రెండూ విడిగా రాయి. "డబ్బు అందాక 2 పనిదినాల్లో పంపిస్తాం. పంపాక చేరడానికి మామూలుగా 4 నుంచి 7 రోజులు. పంపిన రోజే ట్రాకింగ్ నంబర్ ఇస్తాం." ఆ 4, 7 నావి. నీ పాత పార్సిళ్లు ఓ ఇరవై తీసి ఎన్ని రోజుల్లో చేరాయో చూసి నీ అంకెలు వేసుకో. కొరియర్ ఛార్జీలు, రిటర్న్ రూల్స్ మాత్రం ప్రతి క్యాప్షన్‌లో వద్దు. ఒక్కసారి అవి మారితే పాత పోస్టులన్నీ తిరగరాయాలి. వాటిని పైన పిన్ చేసిన ఒకే పోస్టులో పెట్టు.

ఒకసారికొన్నా:
పిన్ చేసింది మేం చూడం అండీ. నగ కింద ఉన్నదే చదువుతాం, అదీ మొదటి రెండు లైన్లు.

కొలతబద్ద:
అందుకే మెటీరియల్, సైజు ఆ రెండు లైన్లలోనే రావాలంటాను. రిటర్న్ విషయం మీరన్నట్టు అక్కడ పెడితే చదువుతారేమో, నాకూ అనుమానమే.

కొత్తకొట్టు:
అందరికీ థాంక్స్ అండీ. కాడ కూడా కొలిచి ఇలా మార్చాను:

"బుట్టకమ్మలు. ఇత్తడి మీద బంగారు పూత, ఎర్ర గాజు రాళ్లు. పొడవు 4.5 సెం.మీ., బుట్ట వెడల్పు 2 సెం.మీ., ఒక్కో చెవికి 11 గ్రాములు. మర కాడ, 1 మి.మీ. లావు. నికెల్ పరీక్ష చేయించలేదు. స్నానానికి, నిద్రకు ముందు తీసేయండి, సెంటు ఆరాక పెట్టుకోండి, పొడి గుడ్డతో తుడిచి జిప్ కవర్లో పెట్టండి. డబ్బు అందాక 2 పనిదినాల్లో పంపిస్తాం, పంపాక చేరడానికి 5 నుంచి 8 రోజులు. రిటర్న్ వివరాలు పిన్ చేసిన పోస్టులో."

పాతకాపు:
బాగుంది. ధర ఏదమ్మా?

కొత్తకొట్టు:
అయ్యో! ఇప్పుడే పెడతానండీ.