పొగాకు గోడౌన్‌ని లైబ్రరీ చేస్తున్నాం: ఫాల్స్ సీలింగ్ వేయాలా, ఎత్తు అలాగే వదలాలా?

గోడౌన్_కమిటీ: ఒంగోలు దగ్గర మా ఊళ్లో పాత పొగాకు గోడౌన్ ఊరి లైబ్రరీకి ఇచ్చారు. పొడవు 100 అడుగులు, వెడల్పు 40, కొప్పు దగ్గర 22 అడుగుల ఎత్తు, పైన రేకులు. కమిటీలో సగంమంది 11 అడుగుల దగ్గర ఫాల్స్ సీలింగ్ వేసి మొత్తం ఏసీ పెట్టిద్దాం అంటున్నారు, సగంమంది ఎత్తు చెడగొట్టొద్దంటున్నారు. ఏది సరైనది?

పాత_పాఠకుడు: ఏసీ తప్పదండీ. పుస్తకాలకి చల్లదనం కావాలి, లేకపోతే బూజు పడుతుంది. పైగా గ్రూప్స్‌కి చదివే పిల్లలు మే నెలలో రేకుల కింద ఎలా కూర్చుంటారు?

సైట్_ఇంజినీర్: పిల్లల సంగతి నిజమే గానీ పుస్తకాల సంగతి సగమే కరెక్టు. బూజుకి కారణం వేడి కాదు, చెమ్మ. గాలిలో తేమ 65–70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పడుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే చల్లబడ్డ పుస్తకాల మీదకి బయటి తేమగాలి చేరుతుంది, మన కోస్తాలో అది ఇంకా నష్టం. రోజంతా నడపగలిగితేనే పుస్తకాల కోసం ఏసీ అనుకోండి.

ఇక ఫాల్స్ సీలింగ్. వేడిగాలి పైకి పోవడానికి ఆ ఎత్తే మీకున్న ఆస్తి. 11 అడుగుల దగ్గర మూసేస్తే గోడ పైభాగంలోని వెంటిలేటర్లు, వాటి వెలుతురు రెండూ పోతాయి, రేకు కారినా పలక తడిసి కిందపడేదాకా తెలియదు. ముందు రేకుల పైన తెల్ల రంగు, కింద ఇన్సులేషన్, కొప్పులో గాలి పోయే సందు చూసుకోండి.

ఐంధోవెన్_తెలుగు: నేనుండేది నెదర్లాండ్స్‌లో, ఇక్కడికి దగ్గర్లో టిల్‌బర్గ్ ఊళ్లో లోక్‌హాల్ అని ఉంది. గోడౌన్ కాదు, 1932 నాటి రైలింజన్ల షెడ్, 2019లో లైబ్రరీగా తెరిచారు. 15 మీటర్ల ఎత్తు. అంత హాలుని మొత్తం వెచ్చగా ఉంచాలని చూడలేదు, మనుషులు కూర్చునే చోట్లే వెచ్చగా ఉంచారు. మధ్యలో ఆరు పెద్ద గుడ్డ తెరలున్నాయి, అటూ ఇటూ జరిపితే విడి గది అవుతుంది, మాటల చప్పుడు కూడా తగ్గుతుంది. అక్కడ సమస్య చలి, మీకు ఎండ, కానీ లెక్క అదే అనిపిస్తోంది అన్నా.

సైట్_ఇంజినీర్: సరిగ్గా అదే. గోడౌన్ లోపలే 20 అడుగులకి 30 అడుగుల గాజు గది ఒకటి కట్టి, దానికి మాత్రం తక్కువ ఎత్తు కప్పు, ఏసీ ఇవ్వండి. పరీక్షలకి చదివేవాళ్లు అందులో. మిగతా హాలంతా ఫ్యాన్లు.

చీరాల_టీచర్: మా బడి రేకుల షెడ్డే. వానొస్తే పాఠం ఆపేయాల్సిందే, నా గొంతు నాకే వినపడదు. ఎత్తు వదలమనేవాళ్లు ఒక్క వానాకాలం అక్కడ కూర్చుని చూడాలి.

సైట్_ఇంజినీర్: మేడమ్ గారూ, మీ బాధ నిజం. రేకుకి ఆనించి దూదిలాంటి మెత్తటి ఇన్సులేషన్ వేస్తే మోత బాగా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు.

పల్లె_కుర్రోడు: ఈ రోజుల్లో పుస్తకాలెందుకు బ్రదర్, కంప్యూటర్లు పెట్టండి చాలు.

గోడౌన్_కమిటీ: బ్రదర్, అడిగింది కప్పు గురించి. అయితే ఇంకో మాట: అంత ఎత్తుంది కదా, సగం మీద ఇనుప అటక కట్టి రాక్‌లన్నీ పైన పెడదామని మావాళ్ల ఆలోచన.

సైట్_ఇంజినీర్: అది మాత్రం వద్దు! రాక్‌లు ఉండే ఫ్లోర్‌ని చదరపు మీటరుకి దాదాపు 600 కిలోలకి డిజైన్ చేయాలి, ఇంటి స్లాబుకి వేసుకునేది 200. 20 అడుగులకి 20 అడుగుల చిన్న అటకైనా 37 చదరపు మీటర్లు, అంటే 22 టన్నులు. ఆ బరువు పాత గోడల మీదగానీ కప్పు దూలాల మీదగానీ పెట్టకూడదు, వేరే స్తంభాలు, పునాదులు కావాలి. పైన కుర్చీలు, బల్లలు మాత్రమే అయితే 300తో సరిపోతుంది. రాక్‌లు కిందే ఉంచండి.

పాత_పాఠకుడు: పొగాకు బేళ్లు మోసిన నేల పుస్తకాలు మోయదా? కింద ఎక్కడ పెట్టినా పర్వాలేదు.

సైట్_ఇంజినీర్: బరువు మోస్తుంది సార్, చెమ్మ సంగతే తెలియదు. మూడడుగుల ప్లాస్టిక్ షీట్లు నాలుగైదు చోట్ల నేలకి టేపుతో అంటించి రెండు రోజులాగి తీయండి. కింద నీటిబొట్లు ఉంటే నేలలోంచి చెమ్మ వస్తున్నట్టే.

గోడౌన్_కమిటీ: షీట్లు తీశాం. నాలుగు పొడిగా ఉన్నాయి, పడమటి గోడ పక్కది తడి. రాక్‌లు వేద్దామనుకున్నది సరిగ్గా ఆ గోడకే, కాబట్టి అటు బల్లలు వేస్తాం. గాజు గదికి ఒప్పుకున్నారు గానీ రేకుల ఇన్సులేషన్ ఖర్చు చూసి కొందరు మళ్లీ ఫాల్స్ సీలింగే అంటున్నారు. ఆదివారం మీటింగ్ ఉంది.

చీరాల_టీచర్: మీటింగ్‌కి ముందు వాన పడితే అందర్నీ లోపల పది నిమిషాలు కూర్చోబెట్టండి.