పక్కింటి అవ్వతో మాట కలవడం లేదు, తరం తేడానా ఇంకేమన్నానా?

పెన్నాగట్టు: నెల్లూరు వేదాయపాళెంలో మాకు ఆనుకునే ఒక అవ్వ ఉంటుంది, డెబ్బై ఎనిమిదేళ్లు. ఏం అడిగినా "ఆఁ ఆఁ" అని నవ్వి ఊరుకుంటుంది. పాతకాలం మనిషి, మీతో ఏం మాట్లాడుతుందిలే అంటుంది మా అమ్మ. ఆమెతో మాట కలిపేదెట్లా?

కావలిబాబాయ్: తరమూ లేదు గిరమూ లేదు, చెవుడు. గట్టిగా అరిచి చెప్పు. మిషన్ పెట్టిస్తే ఇంకేం లేదు.

ఒంగోలు_చెవి: నేను హియరింగ్ టెస్టులు చేస్తాను. చెవుడేమో అన్న అనుమానం సబబే బాబాయ్, అరవడమే తప్పు. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు, అంటే స, త, క లాంటి హల్లులు. అచ్చులు వినపడుతూనే ఉంటాయి కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. అరిస్తే ఆ అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, పైగా మన మొహం తిడుతున్నట్టు ఉంటుంది, ఇక ఆమె నవ్వి తప్పించుకుంటుంది. టీవీ, ఫ్యాన్ ఆపి, వెలుతురు నీ మొహం మీద పడేట్టు ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో నిదానంగా చెప్పు. అప్పుడు సరిగ్గా జవాబిచ్చి, టీవీ నడుస్తుంటే తప్పుతోందంటే చెవి మీద అనుమానం పెట్టుకోవచ్చు. మిషన్ కన్నా ముందు గులిమి ఉందేమో డాక్టరుకు చూపించాలి. ఒక చెవి ఉన్నట్టుండి పోతే మాత్రం అదే రోజు వెళ్లాలి.

కందుకూరు_అక్క: మా పిన్ని కొడుక్కి పదిహేనేళ్లు, చెవులు బ్రహ్మాండం, వాడూ "ఆఁ ఆఁ" అంటాడు! ఫోన్‌లోంచి తల ఎత్తడు, దానికేం మందు?

పెన్నాగట్టు: అక్కా, అది వేరే సంగతి. నేను నిన్న టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని "అవ్వా, మీ పొలంలో ఏం వడ్లు వేసేవాళ్లు?" అన్నా. మొలగొలుకులు అంది! ఆ అన్నం చల్లారినాక తినాలని మొదలుపెట్టి, సారా ఉద్యమం రోజుల్లో ఆడోళ్లంతా అంగడి ముందు కూర్చున్నది దాకా వచ్చింది, అరగంట. ఇదివరకు "మీ కాలంలో ఎట్లుండేది" అని అడిగితే "బాగుండేది నాయనా" అని అయిపోయేది.

ఉదయగిరి: 1992లో దూబగుంట నుంచి లేచిన ఉద్యమం అది, మా ఊళ్లోనూ ఆడోళ్లు కదిలారు. కానీ తమ్ముడూ, నువ్వు అడుగుతూ ఆమె చెబుతూ ఉంటే అది ఇంటర్వ్యూ. నీ సంగతి ఆమె ఎప్పుడన్నా అడిగిందా?

పెన్నాగట్టు: అడిగింది. జీతమెంత, పెళ్లెప్పుడు అని. ఆ రెండిటికీ నేనే "ఆఁ ఆఁ" అన్నా. చెవి చూపిద్దామంటే "ముసలిదానికి మిషనెందుకురా" అంటోంది, వాళ్లబ్బాయి కూడా వద్దులే అంటున్నాడు.