ఫిట్‌నెస్ అయిపోయి 71 రోజులు, పొల్యూషన్ కూడా లేదు: ట్రాలీ ఆటోకి ఎంత పడుతుంది?

గుంటూరు ట్రాలీ: అన్నలూ, 2014 మోడల్ డీజిల్ ట్రాలీ ఆటో, సిమెంటు బస్తాల కిరాయి. నాన్నకు ఒంట్లో బాగోక బండి షెడ్డులోనే ఉంది. మార్చి 12తో ఫిట్‌నెస్ అయిపోయింది, ఈరోజు మే 22. పొల్యూషన్ ఎప్పుడో అయిపోయింది. మొత్తం ఎంత అవుతుంది? ముందు ఏది చేయించాలి?

రోడ్డుమీద రాజు: ముందు పొల్యూషన్. అది లేకుండా ఫిట్‌నెస్‌కి వెళ్తే వెనక్కి పంపేస్తారు. ఏ బండికైనా ఆరు నెలలే, గుర్తుపెట్టుకో.

పాత కాగితాలు: ఏ బండికైనా కాదు. ఇరవై ఏళ్లుగా ఆర్టీవో ఆఫీసు దగ్గర ఈ పనే చేస్తున్నాను. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాది. అంతకన్నా పాతవాటికే ఆరు నెలలు. కొత్త బండికి రిజిస్ట్రేషన్ అయిన ఏడాది వరకు అడగరు. తమ్ముడూ, ఆర్సీలో నార్మ్స్ అన్న చోట ఏముందో చూడు.

ఇక ఫిట్‌నెస్. పసుపు ప్లేటు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఆలస్యానికి రోజుకు 50. మార్చిలో 19, ఏప్రిల్‌లో 30, మేలో 22, వెరసి 71 రోజులు. అంటే 3,550. మామూలు ఫీజు దీనికి అదనం. బండి షెడ్డులో ఉన్నా ఆ లెక్క ఆగదు.

ఆటో యూనియన్: ఆ యాభై మీదే 2022 మేలో హైదరాబాద్‌లో ఆటోలు, క్యాబ్‌లు బంద్ పెట్టాయి. రోజంతా తిరిగితే ఐదారు వందలు మిగిలేవాడి మీద రోజుకు యాభై వేయడం అన్యాయం. ఇంట్లో జబ్బు వస్తే బండి ఎలా తీస్తాడు?

తెల్ల ప్లేటు: నాది 2012 పెట్రోల్ కారు. నేనూ ఏటా ఫిట్‌నెస్ చేయించాలా?

పాత కాగితాలు: సొంత కారుకి 15 ఏళ్లు నిండాకే, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. మీరు 2027లో చూసుకోండి. పొల్యూషన్ మాత్రం ఇప్పుడూ ఉండాలి.

రోడ్డుమీద రాజు: పొల్యూషన్ లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా రాదు, అది ఎవరూ చెప్పడం లేదు.

నెల్లూరు లారీ: తప్పు! పొల్యూషన్ లేదని క్లెయిమ్ ఆపకూడదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2020లోనే స్పష్టం చేసింది. ఇలాంటి మాటలు నమ్మి జనం హక్కు వదులుకుంటున్నారు.

రోడ్డుమీద రాజు: 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కదండీ. నేనేమీ కల్పించలేదు.

నెల్లూరు లారీ: అది పాలసీ రెన్యువల్ గురించి, క్లెయిమ్ గురించి కాదు. దాన్ని కూడా 2024లో కోర్టే సడలించింది. నాకు అసలు మంట ఫిట్‌నెస్ దగ్గర. మా అన్న లారీ బోల్తా పడేనాటికి ఫిట్‌నెస్ అయిపోయి 9 రోజులు. కంపెనీ రిపేరు డబ్బు ఇవ్వనంది. ఫిట్‌నెస్ లేని రవాణా బండికి రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేనట్టే అన్నది వాళ్ల వాదన. బ్రేకులకూ ప్రమాదానికీ సంబంధం లేదని మేము కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లాం. ఇంకా నడుస్తోంది.

పాత కాగితాలు: చట్టంలో 56వ సెక్షన్ అలాగే ఉందండీ. అందుకే రోడ్డు మీద దొరికితే 192 కింద రాస్తారు: మొదటిసారి 2,000 నుంచి 5,000, మళ్లీ దొరికితే 5,000 నుంచి 10,000, లేదా ఏడాది దాకా జైలు. పొల్యూషన్‌కి 190(2): పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు కూడా మూడు నెలలు పోవచ్చు. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం రాష్ట్రాన్ని బట్టి తక్కువ ఉంటుంది.

డీజిల్ మెకానిక్: అందరూ జరిమానాలే మాట్లాడుతున్నారు, బండి పాసవ్వాలి కదా! సిమెంటు కిరాయి అంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. మొన్న ఇలాంటి బండే వచ్చింది. పొగ రీడింగ్ 3.1, ఆ పాత బండికి పరిమితి 2.45. ఫిల్టర్ ఊడదీసి నేల మీద తడితే బూడిదరంగు పొడి గుప్పెడు రాలింది. కాగితం మడతలు గట్టిపడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొత్తది వేసి, పది కిలోమీటర్లు తిప్పి ఇంజిన్ వేడెక్కాక చూస్తే 1.9. చల్లటి ఇంజిన్‌తో పరీక్షకు పోవద్దు.

ఆటో యూనియన్: పైపులో గొట్టం పెట్టకుండానే సర్టిఫికెట్ ఇచ్చే చోట్లు లేవా?

డీజిల్ మెకానిక్: ఉన్నాయి. ఆ పొగ పీల్చేది మా షాపు ముందు నిలబడే పిల్లలే. అలాంటి చోటుకి నేను ఎవర్నీ పంపను.

గుంటూరు ట్రాలీ: ఆర్సీలో బీఎస్-3 అని ఉంది అన్నా. ఫిల్టర్ మార్చి రెండేళ్లయింది. ఫిట్‌నెస్ లేకుండా మెకానిక్ దాకా బండి ఎలా తీసుకెళ్లను?

డీజిల్ మెకానిక్: బండి తీయకు తమ్ముడూ. ఫిల్టర్ కొనుక్కెళ్లి షెడ్డులోనే వేసుకో, పావుగంట పని.

నెల్లూరు లారీ: తర్వాత టెస్టుకైనా రోడ్డెక్కాలిగా, దారిలో ఆపితే?

పాత కాగితాలు: ముందే ఫీజు కట్టి స్లాట్ తీసుకుని, ఆ రసీదు దగ్గర పెట్టుకుని, సరుకు లేకుండా వెళ్తే మావాళ్లను చాలాసార్లు వదిలేశారు.

నెల్లూరు లారీ: వదిలేయడం వేరు, హక్కు వేరు. దారిలో గుద్దితే ఆ రసీదు చూసి కంపెనీ డబ్బిస్తుందా?